చుక్కని చుక్కగానే ఉంచాలి: రెండు పాదాల పద్యాన్ని వచనంలోకి మార్చడం

మన ఈ-మ్యాగజైన్‌లో పద్యం వేసినప్పుడల్లా దాని కింద నాలుగు లైన్ల వచనం కూడా వేస్తున్నాం. ఎందుకో అందరికీ తెలుసు. మనలో సగం మంది ఇంగ్లిష్ మీడియం బ్యాచ్. తెలుగు చదవగలం, కానీ "నడుమనో", "చెక్కిట" లాంటి మాట కనిపించగానే స్క్రోల్ చేసేస్తాం. అలాంటివాళ్లకి పద్యం అంటే ఆ కింద ఉన్న వచనమే. వచనం చప్పగా ఉంటే పద్యమే చప్పగా ఉందనుకుంటారు. అందుకే ఆ నాలుగు లైన్లు ఎలా రాయాలో, నాకు అర్థమైనంత వరకు, ఒకే ఒక్క ఉదాహరణ తీసుకుని చెప్తాను.

ఉదాహరణ కోసం నేనే ఒక ద్విపద రాశాను. ఎవరిదో పద్యం తీసుకుంటే "కవిగారి ఉద్దేశం అది కాదు" అని గొడవ వస్తుంది. నాదైతే ఏ మాట ఎందుకు పెట్టానో నాకు తెలుసు. శీర్షిక "శంషాబాద్, టేకాఫ్".

చుక్కల నడుమనో చుక్కయై పోయె
చెక్కిట నొక చుక్క చెమ్మయై పోయె

ముందు దీని నిర్మాణం చూద్దాం, ఎందుకంటే వచనంలోకి వచ్చేటప్పుడు ఏది పోతుందో, ఏది పోకూడదో అక్కడే తెలుస్తుంది. ద్విపద అంటే రెండు పాదాలు. ఒక్కో పాదంలో మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. మొదటి పాదాన్ని విడగొడితే చుక్కల / నడుమనో / చుక్కయై / పోయె. రెండోది చెక్కిట / నొకచుక్క / చెమ్మయై / పోయె. మూడో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి, అది యతి. ఇక్కడ చు-చు, చె-చె కలిశాయి. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, అది ప్రాస. ఇక్కడ రెండు చోట్లా "క్క".

ఇంగ్లిష్ కప్లెట్ చదివి వచ్చిన మనకి రైమ్ అంటే లైన్ చివర ఉండేది. తెలుగు ద్విపదలో తప్పనిసరి ప్రాస లైన్ మొదట్లో ఉంటుంది. అది లేకపోతే దాన్ని మంజరీ ద్విపద అంటారు. చివర కలిసేది అంత్యప్రాస, అది ఉంటే ఉండొచ్చు, లేకపోయినా ఫర్వాలేదు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, తాళ్లపాక తిమ్మక్క సుభద్రా కల్యాణం ఈ ద్విపదలోనే ఉన్నాయి. నా ద్విపదలో రెండూ పెట్టాను, ఎందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు పని మొదలు. మొదటి మెట్టు అన్వయం. అంటే పద్యంలో అటూ ఇటూ ఉన్న మాటల్ని మామూలుగా మాట్లాడే వరసలో పెట్టడం. దానికి ముందు సంధి విప్పాలి. "నడుమనో చుక్క" అంటే "నడుమన ఓ చుక్క". "చెక్కిట నొక" అంటే "చెక్కిటన్ ఒక", చెంప మీద ఒక. ఆ తర్వాత క్రియ ఎక్కడుందో చూసి, ఆ పని చేసింది ఎవరని అడగాలి. రెండో పాదంలో జవాబు తేలిక. చెమ్మ అయిపోయింది ఏది? చుక్క. మొదటి పాదంలో చుక్క అయిపోయింది ఏది? పద్యంలో లేదు. కర్త లేదు.

తెలుగులో ఇది మామూలే. "వచ్చాడా?" అంటే ఎవరో ఇద్దరికీ తెలుసు కాబట్టి పేరు చెప్పం. పద్యం కూడా ఈ సౌకర్యాన్ని వాడుకుంటుంది. కానీ వచనం రాసేవాళ్లకి ఇదే మొదటి చిక్కు. ఇక్కడ కర్త శీర్షికలో ఉంది: టేకాఫ్. కాబట్టి పైకి వెళ్లింది విమానం. వచనంలో ఆ మాట వేయాల్సిందే. పద్యానికి శీర్షిక పైనే ఉంటుంది, కానీ వచనాన్ని ఎవరైనా కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే శీర్షిక వెంట రాదు.

మరి చెంప ఎవరిది? అది శీర్షికలోనూ లేదు. నేను రాసేటప్పుడు మా అమ్మని అనుకున్నాను. పోయిన ఆగస్టులో అక్క ఎంఎస్‌కి వెళ్లింది. కానీ పద్యంలో "అమ్మ" అనే మాట లేదు. అందుకని వచనంలోనూ పెట్టకూడదు. కర్త లేకపోతే వాక్యమే నిలబడదు కాబట్టి విమానాన్ని తెచ్చాం. చెంప ఎవరిదో చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. ఈ తేడా చూసుకుంటే చాలు, ఎంత కలపాలో తెలిసిపోతుంది. భర్తని పంపించినవాళ్లు, తమ్ముణ్ణి దుబాయ్ పంపించినవాళ్లు కూడా ఆ చెంప తమదే అనుకుని చదువుకోవాలి. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ బేగంపేట నుంచి ఇక్కడికి వచ్చినప్పటి నుంచి శంషాబాద్ పేరు వింటే చాలా ఇళ్లల్లో ముందు గుర్తొచ్చేది ఎవరినో పంపించి రావడమే. ఆ తలుపు మనం మూసేయకూడదు.

రెండో మెట్టు: ఏ మాట ఛందస్సు కోసం వచ్చింది, ఏ మాట బొమ్మ కోసం వచ్చింది అని వేరు చేయడం. దీనికి సులువైన పరీక్ష ఉంది. ఆ మాట తీసేసి అదే అర్థం ఉన్న ఇంకో మాట పెట్టి చూడండి. బొమ్మ అలాగే ఉంటే, ఆ మాట ఛందస్సు కోసం వచ్చింది, వచనంలో మార్చుకోవచ్చు. బొమ్మ కూలిపోతే ఆ మాటని ముట్టుకోకూడదు.

"చెక్కిట" తీసేసి "చెంప మీద" పెట్టండి. ఏమీ మారలేదు. అక్కడ చెక్కు అనే మాట రావడానికి కారణం "చుక్క"లోని క్కకి ప్రాస కుదరడం. కాబట్టి వచనంలో చెంప అని రాసుకోవచ్చు. "నడుమ" తీసేసి "మధ్య" పెట్టండి, అదీ ఫర్వాలేదు. ఇప్పుడు "చుక్క" తీసేసి మొదటి పాదంలో "నక్షత్రం", రెండో పాదంలో "కన్నీటి బొట్టు" పెట్టండి. అర్థం సరిగ్గానే ఉంది. కానీ పద్యం అయిపోయింది. పద్యం మొత్తం నిలబడింది ఆ ఒక్క మాట మీద. తెలుగులో ఆకాశంలో మెరిసేదీ చుక్కే, కాయితం మీద పెట్టేదీ చుక్కే, కంటి నుంచి రాలేదీ చుక్కే. విమానం దూరమై కాయితం మీద చుక్కంత అవుతుంది, ఆకాశంలో చుక్కలా కనిపిస్తుంది, కింద ఇంకో చుక్క రాలుతుంది. ఇదే పద్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చాలంటే ఈ మూడింటికీ ఒకే మాట దొరకడం కష్టం. మనం తెలుగు నుంచి తెలుగులోకే వెళ్తున్నాం కాబట్టి ఆ మాట చేతిలోనే ఉంది. ఉన్నదాన్ని వదిలేసి "నక్షత్రం" అని రాయడం దేనికి? "వచనం అంటే కొంచెం గ్రాంథికంగా ఉండాలి" అనే స్కూల్ అలవాటు వల్ల మాత్రమే అలా రాస్తాం.

బొమ్మ నిజంగా కుదిరిందా అని కూడా ఒకసారి చూసుకోవాలి. రాత్రి పూట మన హాస్టల్ టెర్రస్ ఎక్కితే ఎవరైనా చూడొచ్చు. విమానానికి ఎడమ రెక్క చివర ఎర్ర దీపం, కుడి రెక్క చివర ఆకుపచ్చ దీపం, తోక వైపు తెల్ల దీపం ఉంటాయి, వాటితో పాటు మెరిసి ఆరే లైట్లు. మన నుంచి దూరంగా వెళ్తున్నప్పుడు ప్రధానంగా కనిపించేది ఆ వెనకవైపు తెలుపే. కాసేపటికి ఆ మెరుపు కూడా చిన్నదై, చుక్కల్లో వెతుక్కోవాల్సి వస్తుంది. అంటే "చుక్కయై పోయె" అనేది కంటికి కనిపించినదే, అతిశయోక్తి కాదు. ఇది తెలిస్తే వచనంలో "నక్షత్రంలా ప్రకాశించింది" లాంటి మాట రాయం. విమానం ప్రకాశించడం లేదు, తగ్గిపోతోంది.

మూడో మెట్టు అంత్యప్రాస. రెండు పాదాలూ "యై పోయె" అని ముగిశాయి. ఇది వినడానికి బాగుండాలని మాత్రమే పెట్టింది కాదు. పైన జరిగిందీ కింద జరిగిందీ ఒకే రకం సంఘటన అని చెప్పకుండా చెప్తోంది. పెద్ద విమానం తగ్గి తగ్గి చుక్క అయింది. చుక్క తగ్గి చెమ్మ అయింది. అంటే మొదటి పాదం ఎక్కడ ఆగిందో రెండో పాదం అక్కడే మొదలై, ఇంకో మెట్టు దిగింది. పద్యంలో ఈ లింకు వేసేది ప్రాస. వచనంలో ప్రాస ఉండదు. అలాగని ఉంచితే, మామూలు వాక్యాల్లో ప్రాస టీవీ యాడ్‌లా వినిపిస్తుంది. కాబట్టి ఆ పనిని ఇంకోదానికి అప్పజెప్పాలి. రెండు దారులున్నాయి. ఒకటి, రెండు వాక్యాల్నీ ఒకే కట్టుతో రాయడం. రెండు, ఒకే క్రియని రెండు చోట్లా వాడడం.

క్రియ దగ్గర ఇంకో సంగతి ఉంది. "అయ్యె" వేరు, "అయిపోయె" వేరు. "పోవు" వచ్చి చేరితే పని పూర్తయింది, ఇక వెనక్కి రాదు అనే రంగు వస్తుంది. "పాలు విరిగాయి", "పాలు విరిగిపోయాయి" రెండూ పలికి చూడండి. అందుకే "చెమ్మగా మారింది" అని రాస్తే ఆ రంగు రాదు. "చెమ్మ అయిపోయింది" అనాలి. స్కూల్ వచనంలో "మారెను", "కలిగెను" అని రాసే అలవాటు వల్ల ఎక్కువగా పోయేది ఈ చిన్న "పో"నే.

ఇప్పుడు నాలుగు వచనాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిది:

"విమానంలో దూరదేశం వెళ్లిన తమవారి కోసం ఒకరు కన్నీరు పెట్టుకున్నారని ఈ పద్యం భావం."

ఇది పరీక్షలో మార్కులు తెచ్చే వచనం. దీన్ని సారాంశం అనాలి. ఇందులో సమాచారం ఉంది, బొమ్మ ఒక్కటీ లేదు. వంద వేరే పద్యాల కింద కూడా ఇదే వాక్యం పెట్టొచ్చు. ఇది ఫెయిల్ అని కనిపెట్టే గుర్తు అదే. రెండోది:

"నక్షత్రముల మధ్య ఒక నక్షత్రముగా మారిపోయెను. చెక్కిలిపై ఒక బిందువు తేమగా మారిపోయెను."

ఇది ప్రతిపదార్థాన్ని వరసగా పెట్టింది. ప్రతి మాటకీ అర్థం చెప్పింది, ఏదీ వదల్లేదు, అయినా అర్థం కాదు. దీన్ని పద్యం చూపించకుండా మా అమ్మమ్మకి చదివి వినిపించాను. అమ్మమ్మ ఒక్క క్షణం ఆగి, "ఎవరు పోయిండ్రు బిడ్డా? చిన్న వయసా?" అని అడిగింది.

ఆ ప్రశ్న సరైనదే. మన భాషలో మనిషి చుక్క అయిపోవడం అంటే చనిపోవడం. చిన్నపిల్లలకి "తాతయ్య చుక్కల్లోకి వెళ్లిపోయాడు" అని చెప్తాం. కర్త లేకుండా "నక్షత్రముగా మారిపోయెను" అంటే ఎవరైనా మనిషినే అనుకుంటారు. పద్యంలో కూడా ఆ నీడ ఉంది, ఉండాలి కూడా. పంపించి వచ్చినవాళ్ల మనసులో ఆ భయం ఎక్కడో ఒక మూల ఉంటుంది, పైకి అనరు. కానీ పద్యంలో అది నీడ. ఈ వచనంలో నీడే అసలు వస్తువు అయి కూర్చుంది. "విమానం" అనే ఒక్క మాట వేస్తే అది మళ్లీ నీడ స్థానంలోకి వెళ్తుంది. కర్తని ఎందుకు వేయాలో నేను పైన వ్యాకరణంతో చెప్పాను, అమ్మమ్మ ప్రశ్న దాన్ని ఇంకా సూటిగా చెప్పింది. మూడోది:

"అనంతమైన నీలాకాశంలో మిణుకుమనే చుక్కల నడుమ ఆశలన్నీ మోసుకెళ్తున్న విమానం కూడా ఒక చుక్కై కనుమరుగైంది. గుండె పగిలిన ఆ తల్లి చెంపపై జారిన వేదనాభరితమైన కన్నీటి చుక్క ఆవిరైంది."

ఇలాంటి వచనం మనకి ఎక్కువగా వస్తుంటుంది, బాగుందని లైకులు కూడా వస్తాయి. చుక్కని ఉంచింది, అది మంచిదే. కానీ లెక్క చూడండి. అనంతమైన, నీల, మిణుకుమనే, ఆశలన్నీ, గుండె పగిలిన, తల్లి, వేదనాభరితమైన. ఇవేవీ పద్యంలో లేవు. చుక్కలు కనిపించే రాత్రి ఆకాశం నీలంగా ఉండదు కూడా. వీటికంటే పెద్ద నష్టం అనుభూతిలో జరిగింది. పద్యంలో ఒకే ఒక్క చుక్క పడింది, అదీ ఇంకిపోయింది. అంటే ఆ మనిషి ఆపుకుంటున్నారు. "గుండె పగిలిన" అని రాయగానే ఆపుకోవడం పోయి, ఏడుపు వచ్చింది. అనుభూతిని పెంచితే అది వేరే అనుభూతి అయిపోతుంది. చివర "ఆవిరైంది" కూడా కుదరదు. ఆవిరైతే ఏమీ మిగలదు. చెమ్మ అంటే చుక్క లేదు కానీ తడి ఉంది. ఆ కొంచెం తడే ఈ పద్యంలో చివరికి మిగిలేది.

ఇక్కడ ఒక సూత్రం దొరుకుతుంది. పద్యం అనుభూతికి పేరు పెట్టకపోతే వచనం కూడా పెట్టకూడదు. బాధ, దుఃఖం, వేదన లాంటి మాట పద్యంలో ఉందా? ఉంటే రాయండి. లేకపోతే అది చెంప, చుక్క, చెమ్మల్లో ఉంది, అక్కడే ఉండనివ్వండి. ఇక నాలుగోది:

"విమానం దూరమై దూరమై, ఆకాశంలో ఉన్న చుక్కల మధ్య తానూ ఒక చుక్క అయిపోయింది. ఇక్కడ చెంప మీద పడ్డ ఒక చుక్క, కాసేపటికి చెమ్మ అయిపోయింది."

పద్యంలో లేనివి ఇందులో ఏమున్నాయో నేనే చెప్తాను. కోడ్‌లో డిఫ్ చూసినట్టు చూడండి. "విమానం" శీర్షిక నుంచి వచ్చింది. "దూరమై దూరమై" పద్యంలో లేదు, కానీ విమానం చుక్క కావాలంటే దూరం కావాల్సిందే. పైగా "చుక్కయై పోయె" అని పద్యం ఒక్క గుక్కలో చెప్పినదాన్ని వచనంలో చదివేవాళ్లకి ఊహించుకునే టైమ్ ఇవ్వాలి. "ఆకాశంలో" అనేది చుక్కల్లోనే ఉంది. అయితే వచనంలో చుక్క అనే మాట మూడు అర్థాలతో వస్తోంది కాబట్టి మొదటిసారి ఏ చుక్కో చెప్తే మిగతావి వాటంతట అవే తెలుస్తాయి. "ఇక్కడ" అనేది ప్రాస చేసిన పనిలో సగం చేస్తోంది, అక్కడికీ ఇక్కడికీ పోలిక పెడుతోంది. మిగతా సగం రెండు చోట్లా వచ్చిన "అయిపోయింది" చేస్తోంది. "కాసేపటికి" ఒక్కదాని విషయంలో ఎవరైనా నాతో వాదించొచ్చు. చుక్క పడగానే చెమ్మ అవ్వదు, కొంత టైమ్ పడుతుంది, ఆ టైమ్‌లో చెయ్యి తుడవడానికి లేవలేదు అని సూచించాలని ఉంచాను. "ఎవరూ తుడవకుండానే" అని రాస్తే ఇంకా స్పష్టంగా ఉండేది. కానీ పద్యం అంత చెప్పలేదు కాబట్టి రాయలేదు.

ఈ నాలుగోదాన్ని కూడా అమ్మమ్మకి చదివాను. ఈసారి ఎవరు పోయారని అడగలేదు. "పిల్లను పంపిచ్చి వచ్చిన తల్లి గదా" అంది. తల్లి అని నేను రాయలేదు. "ఏడ్సిందా మరి?" అని అడిగితే, "ఏడ్సినట్టు లేదు, ఏడ్వనట్టు గూడ లేదు" అంది.

మీరు రాసిన వచనానికి కూడా ఈ పరీక్ష పెట్టుకోవచ్చు. పద్యం చూడని ఒక మనిషికి వచనం మాత్రమే చదివి వినిపించండి. మూడు సంగతులు అడగండి: ఏం కనిపించింది, ఏం జరిగింది, ఆ మనిషి ఎలా ఉన్నారు. మొదటిదానికి జవాబు రాకపోతే బొమ్మ పోయిందన్నమాట, మీరు సారాంశం రాశారు. రెండోదానికి తప్పు జవాబు వస్తే అన్వయం కుదరలేదు, చాలాసార్లు కర్తే లేకుండా ఉంటుంది. మూడోదానికి మీరు వాడిన మాటే తిరిగి వస్తే, ఉదాహరణకి "వేదనగా ఉన్నారు" అంటే, అనుభూతి వాళ్లకి చేరలేదు, దాని పేరు మాత్రమే చేరింది. వాళ్లు తమ సొంత మాటల్లో చెప్తే చేరినట్టు.

ఇంత చేసినా కొన్ని వచనంలోకి రావు. "క్క, క్క" అని రెండు పాదాల మొదట్లో తగిలే దెబ్బ రాదు. "చె" దగ్గర యతి పడి, గొంతు ఒక్క క్షణం ఆగి, "చెమ్మ" అని మెత్తబడడం రాదు. క్క గట్టి అక్షరం, మ్మ మెత్తటిది. చుక్క చెమ్మ అవడం నోట్లోనే జరుగుతుంది, కానీ అది పైకి చదివినవాళ్లకే తెలుస్తుంది. అమెరికన్ విమర్శకుడు క్లీన్త్ బ్రూక్స్ 1947లో "ది వెల్ రాట్ అర్న్" అనే పుస్తకంలో ఒక అధ్యాయానికి "ది హెరెసీ ఆఫ్ పారాఫ్రేజ్" అని పేరు పెట్టాడు. పద్యాన్ని వచనంలో చెప్పి, ఇదే పద్యం అనుకోవడం కుదరదని ఆయన వాదన. అది ఒప్పుకుంటూనే వచనం రాయొచ్చు. వచనం పని పద్యం స్థానంలో కూర్చోవడం కాదు, "నడుమనో" దగ్గర ఆగిపోయినవాళ్లని పద్యం దాకా తీసుకురావడం.

అందుకే వచ్చే సంచికకి వచనాలు పంపేవాళ్లకి ఒక చిన్న మాట. పద్యం పైన, వచనం కింద, ఆ వరస మార్చొద్దు. వచనం చదివాక చదివేవాళ్ల వేలు స్క్రీన్ మీద పైకి జరిపి పద్యం ఇంకోసారి చూసుకునేలా ఉండాలి. వచనం పద్యానికి రెండింతల కంటే పొడవైతే, ఒకసారి ఆగి, మీరు కలిపిన ప్రతి మాటా ఎక్కడి నుంచి వచ్చిందో పక్కన రాసుకోండి. జవాబు దొరకని మాటల్ని కొట్టేసి పంపండి.